తాగుడు మానితే కాలేయం ఎంతవరకు కోలుకుంటుంది? దశలవారీగా ఒక వివరణ

మా సంఘం కార్యాలయానికి రేషన్ కార్డు, కుల ధ్రువపత్రం పనులమీద వచ్చేవారితో పాటు ఈమధ్య ఆసుపత్రి కాగితాలు పట్టుకుని వచ్చేవారూ ఎక్కువయ్యారు. రిపోర్టు ఇంగ్లీషులో ఉంటుంది. డాక్టరు మరాఠీలోనో, ఒడియాలోనో, తమిళంలోనో, కన్నడంలోనో చెప్పి ఉంటారు. ఇంట్లో పెద్దలకు తెలుగు తప్ప మరొకటి సరిగా అందదు. చివరికి ఇంటికి చేరేది ఒక్క మాటే: "లివర్ చెడిపోయిందంట, తాగుడు మానెయ్యమన్నారు." ఏ మేరకు చెడింది, మానితే ఏం బాగవుతుంది, ఎన్నాళ్ళకు, ఎలా మానాలి అన్నవి ఆ మాటలో లేవు. ఆ నాలుగు ప్రశ్నలకు వైద్యులు చెప్పే సమాధానాలను వరుసగా ఇక్కడ వ్రాస్తున్నాం. మేము వైద్యులం కాము. ఇది చికిత్సకు బదులు కాదు. డాక్టరుగారు చెప్పేది అర్థం చేసుకోవడానికీ, అడగవలసినవి అడగడానికీ పనికివస్తుంది.

ముందుగా ఒక్క మాట. మన ఇళ్ళలో చాలామంది అయ్యప్ప దీక్షకో, కార్తీక మాసానికో తాగుడు మానేస్తారు. 41 రోజులు నిష్ఠగా ఉంటారు. మాల తీసిన వారానికి మళ్ళీ మొదలుపెడతారు. ఆ 41 రోజుల్లో కాలేయంలో జరిగే మార్పు నిజమైనదే, చిన్నదేమీ కాదు. అయితే ఆ మార్పు ఎక్కడ ఆగుతుందో తెలియకపోవడంవల్లే చాలామంది మోసపోతున్నారు. ఈ వ్యాసంలో ముఖ్యంగా చెప్పదలచుకున్నది అదే.

ఎంత తాగితే ఎంత

కాలేయానికి సీసా మీది పేరుతో పని లేదు. లోపలికి ఎన్ని గ్రాముల ఆల్కహాల్ వెళ్ళిందన్నదే దానికి లెక్క. మన దేశంలో అమ్మే విస్కీ, బ్రాందీ, రమ్ములలో ఆల్కహాల్ సాధారణంగా 42.8 శాతం. ఆ లెక్కన 30 మిల్లీలీటర్ల పెగ్గులో సుమారు 10 గ్రాములు, 180 మిల్లీలీటర్ల క్వార్టర్‌లో సుమారు 60 గ్రాములు ఉంటాయి. ఎనిమిది శాతం ఉన్న 650 మిల్లీలీటర్ల స్ట్రాంగ్ బీరులో సుమారు 40 గ్రాములు. అంటే ఒకటిన్నర స్ట్రాంగ్ బీరు ఒక క్వార్టర్‌తో సమానం. "మావాడు బీరే తాగుతాడండీ" అని తల్లులు చెప్పుకునే సర్దుబాటు మాట ఇక్కడ చెల్లదు.

ఆరోగ్యంగా ఉన్న కాలేయం గంటకు 7 నుంచి 10 గ్రాముల ఆల్కహాల్‌ను కరిగించగలదు. రాత్రి పది గంటలకు ముగించిన క్వార్టర్ పని తెల్లవారేదాకా సాగుతూనే ఉంటుంది. ఈ పనిలో మధ్యలో అసిటాల్డిహైడ్ అనే విషపదార్థం తయారవుతుంది. కణాలను దెబ్బతీసేది ముఖ్యంగా అదే. రోజూ తాగేవారి కాలేయానికి విశ్రాంతి దొరికే గంటలు ఇలా ఏటికేడాదీ తగ్గిపోతాయి. ఆడవారికి ఇంతకన్నా తక్కువ మోతాదుతోనే, తక్కువ ఏళ్ళలోనే నష్టం జరుగుతుంది. మధుమేహం, అధిక బరువు, హెపటైటిస్ బి లేదా సి ఉన్నవారికి కూడా నష్టం త్వరగా వస్తుంది.

కాలేయం చెడే క్రమం

మొదటిది కొవ్వు పట్టడం. రోజూ బాగా తాగే పదిమందిలో సుమారు తొమ్మిదిమందికి ఈ దశ వస్తుంది. నొప్పి ఉండదు, ఆకలి తగ్గదు, పని చేసుకుంటూనే ఉంటారు. వేరే కారణంతో స్కానింగ్ తీస్తే "ఫ్యాటీ లివర్" అని వ్రాసి ఉంటుంది. "అది అందరికీ ఉన్నదే" అని ఆ కాగితాన్ని బీరువాలో పెట్టేస్తారు.

రెండవది వాపు. కొవ్వు పట్టిన కణాలు చచ్చిపోతుంటాయి. రక్తపరీక్షలో ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీ అనే రెండు అంకెలు పెరుగుతాయి. మామూలు కొవ్వు జబ్బులో ఎస్‌జీపీటీ ఎక్కువగా ఉంటుంది. తాగుడువల్ల వచ్చినదైతే సాధారణంగా ఎస్‌జీఓటీ దానికి రెట్టింపుగానో అంతకు మించో ఉంటుంది. రిపోర్టు చూసిన డాక్టరుగారు "ఎన్నాళ్ళుగా తాగుతున్నావు" అని నేరుగా అడగడానికి కారణం ఆ నిష్పత్తే.

ఈ వాపు ఒక్కోసారి ఉన్నట్టుండి తీవ్రమవుతుంది. కళ్ళు, ఒళ్ళు పచ్చబడతాయి, జ్వరం, ఆకలి లేకపోవడం, పొట్ట ఉబ్బడం కనిపిస్తాయి. దీన్ని ఆల్కహాలిక్ హెపటైటిస్ అంటారు. కొవ్వు, వాపు దశల్లో ఇది అన్నిటికన్నా ప్రమాదకరం. తీవ్రంగా వచ్చినవారిలో చాలామంది నెల రెండు నెలల్లోనే చనిపోతారు. ఒక సంగతి గమనించాలి. తాగుడు ఆపిన కొద్ది వారాల తర్వాత కూడా ఈ కామెర్లు బయటపడవచ్చు. "తాగినన్నాళ్ళూ బాగానే ఉన్నాడు, మానాకే పచ్చకామెర్లు వచ్చాయి, ఒంటికి పడలేదు" అని మళ్ళీ పోసినవారున్నారు. మానడంవల్ల వచ్చిన జబ్బు కాదది. మానకముందే లోపల మొదలైంది.

మూడవది మచ్చ కట్టడం, అంటే ఫైబ్రోసిస్. చచ్చిన కణాల స్థానంలో గాయం మానినచోట వచ్చే గట్టి పీచులాంటిది ఏర్పడుతుంది. నాలుగవది సిర్రోసిస్. కాలేయమంతా మచ్చలతో ముడులు ముడులుగా గట్టిపడుతుంది. దీర్ఘకాలం బాగా తాగేవారిలో నూటికి 10 నుంచి 20 మంది ఈ దశకు చేరతారు. సిర్రోసిస్ వచ్చినా కొన్నాళ్ళు పైకి ఏమీ తెలియకపోవచ్చు. తర్వాత పొట్టలో నీరు చేరడం, రక్తపు వాంతి, మాట మనసు తడబడటం, కామెర్లు వస్తే కాలేయం ఇక భారం మోయలేకపోతోందని అర్థం.

ఈ దశలు ఒకదాని తర్వాత ఒకటి మెట్లలా వస్తాయని అనుకోకూడదు. ఒకే మనిషిలో కొవ్వు, వాపు, మచ్చ కలిసి ఉండవచ్చు. మానినప్పుడు ఇవి వేర్వేరు వేగాలతో తగ్గుతాయి. కొవ్వు వారాల్లో, వాపు నెలల్లో, మచ్చ ఏళ్ళలో. అంకెలు బాగుపడినా కాలేయం పూర్తిగా బాగుపడలేదని డాక్టర్లు అనడానికి కారణం ఇదే.

మానిన మొదటి నాలుగు రోజులు

రోజూ పొద్దున్నే తాగకపోతే చేతులు వణికేవారు, గతంలో మానినప్పుడు ఫిట్స్ వచ్చినవారు ఇంట్లో ఒక్కసారిగా ఆపకూడదు. ఏళ్ళ తరబడి ఆల్కహాల్ మత్తుకు అలవాటుపడిన మెదడు, అది అందనప్పుడు ఎదురు తిరుగుతుంది. ఆఖరి గుక్క తాగిన ఆరు నుంచి ఎనిమిది గంటలకు వణుకు, చెమట, గుండెదడ, నిద్ర పట్టకపోవడం మొదలవుతాయి. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండో రోజు నుంచి నాలుగో రోజు మధ్య కొందరికి మతి చలిస్తుంది. లేని పురుగులు గోడమీద కనిపిస్తాయి, ఉన్నచోటు తెలియదు, జ్వరం వస్తుంది. ఇంట్లోవాళ్ళు దయ్యం పట్టిందనుకుని తాయెత్తు కట్టించడమో, మంచానికి కట్టేయడమో చేస్తారు. ఇది ప్రాణం తీయగల స్థితి. ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్ళాలి.

దీక్ష తీసుకోవాలనుకునేవారికి మేము చెప్పేది ఒకటే. మాల వేసుకునే రోజుకు పదిహేను రోజుల ముందే డాక్టరును కలవండి. ఆసుపత్రిలో లోరాజెపామ్‌వంటి మాత్రలు మొదలుపెట్టి, కొన్ని రోజుల్లో క్రమంగా తగ్గించి ఆపేస్తారు. వణుకు, ఫిట్స్ రాకుండా ఇవి కాపాడతాయి. కాలేయం బాగా దెబ్బతిన్నవారికి క్లోర్‌డయాజెపాక్సైడ్‌కన్నా లోరాజెపామ్ మేలంటారు. ఎందుకంటే మొదటిది చెడిన కాలేయంలో కరగక శరీరంలో నిలిచిపోతుంది. అందుకే పక్కింటివారు వాడిన చీటీతో మందుల షాపులో ఈ మాత్రలు కొనకూడదు.

మరొకటి బి1 విటమిన్, దాని పేరు థయామిన్. తిండి మాని తాగేవారి ఒంట్లో ఇది ఖాళీ అయిపోతుంది. నీరసంగా ఉన్నాడని ముందుగా గ్లూకోజ్ ఎక్కిస్తే, మిగిలిన కాస్త బి1 కూడా ఖర్చయి మెదడు దెబ్బతినవచ్చు. అందువల్ల గ్లూకోజ్‌కు ముందో, దానితోపాటో థయామిన్ ఇస్తారు. వీధి చివర ఆర్‌ఎంపీ దగ్గర "ఒక బాటిల్ ఎక్కించండి" అని అడిగే అలవాటు మనకుంది. అడిగేముందు "ఇతను రోజూ తాగేవాడు" అని చెప్పండి. సిగ్గుపడి దాచవద్దు.

వారాలు, నెలలు: ఒక ఉదాహరణ

ఒక కుటుంబాన్ని ఊహించుకుందాం. సోలాపూర్‌లో మరమగ్గం మీద పనిచేసే 47 ఏళ్ళ మనిషి. పదిహేనేళ్ళుగా రాత్రి షిఫ్టు దిగాక రోజుకో క్వార్టర్. నీరసంగా ఉందని పరీక్షలు చేయించారు. ఎస్‌జీఓటీ 148, ఎస్‌జీపీటీ 62. రెండూ సుమారు 40 లోపు ఉండాలి. జీజీటీ అనే అంకె 410. అది సుమారు 60 లోపు ఉండాలి. బిలిరుబిన్, అల్బుమిన్, ఐఎన్‌ఆర్, ప్లేట్‌లెట్లు మామూలుగానే ఉన్నాయి. ఫైబ్రోస్కాన్ అనే పరీక్షలో కాలేయం గట్టిదనం 15 వచ్చింది. "12 దాటితే సిర్రోసిస్ అట" అని ఎవరో చెప్పారు. ఇంట్లో ఏడుపులు మొదలయ్యాయి.

ఈ రిపోర్టును ఎలా చదవాలి? ఎస్‌జీఓటీ రెండు రెట్లకు పైగా ఉంది కాబట్టి కారణం తాగుడే కావచ్చు. వాపు ఉంది. అల్బుమిన్, ఐఎన్‌ఆర్ బాగున్నాయి. కాలేయం చేయవలసిన పని అది ఇంకా చేస్తూనే ఉందన్నమాట. ఇక ఆ 15 సంగతి. వాచిన కాలేయం మచ్చ లేకపోయినా గట్టిగానే తగులుతుంది. అందుకని తాగుతుండగా, ఎస్‌జీఓటీ బాగా పెరిగి ఉండగా తీసిన ఫైబ్రోస్కాన్ అసలుకన్నా ఎక్కువ చూపిస్తుంది. మానిన కొన్ని వారాల తర్వాత మళ్ళీ తీస్తేనే నిజం తెలుస్తుంది.

ఆయన ఆసుపత్రిలో నాలుగు రోజులుండి మానారు. ఆరు వారాలకు, అంటే దీక్ష పూర్తయ్యేంత కాలానికి, ఎస్‌జీఓటీ 38, ఎస్‌జీపీటీ 34కు దిగాయి. అల్ట్రాసౌండ్‌లో కొవ్వు బాగా తగ్గింది. మానిన రెండు నుంచి ఆరు వారాల్లో కొవ్వు కరిగిపోవడం సాధారణంగా జరిగేదే. ఆకలి వచ్చింది, నిద్ర పట్టింది, ముఖంలో కళ వచ్చింది. జీజీటీ మాత్రం ఇంకా 120. ఇది నిదానంగా, రెండు మూడు వారాలకు సగం చొప్పున దిగుతుంది. రెండు నెలలకు ఫైబ్రోస్కాన్ మళ్ళీ తీస్తే 9 వచ్చింది. సిర్రోసిస్ కాదు. కానీ సుమారు 6 లోపు ఉండవలసినది 9 ఉంది. మచ్చ కొంత ఏర్పడింది.

ఇదిగో, మోసపోయేది ఇక్కడే. 41 రోజులకు రక్తపరీక్ష బాగుంది, స్కానింగ్ బాగుంది, ఒంట్లో హాయిగా ఉంది. "లివర్ క్లీన్ అయిపోయింది, ఇక పండగలకు కొంచెం తాగినా పర్వాలేదు" అనిపిస్తుంది. బాగైనది కొవ్వు, వాపు. ఆ 9 చెబుతున్న మచ్చ కదలలేదు. అది కదలడానికి నెలలు కాదు, ఏళ్ళు కావాలి. ఏడాదికోసారి 41 రోజులు ఆపి మిగతా 324 రోజులు తాగేవారిలో కొవ్వు వస్తూ పోతూ ఉంటుంది, మచ్చ మాత్రం ఏటా కాస్త పెరుగుతుంది. పదో దీక్షకు అదే మనిషి సిర్రోసిస్‌తో కనిపిస్తే ఆశ్చర్యపడనక్కరలేదు.

ఆయన అయిదో నెలలో మేనకోడలి పెళ్ళిలో తాగారనుకుందాం. రెండు వారాలు సాగింది. జీజీటీ 45కు దిగినది మళ్ళీ 190కి లేచింది. భార్య ఆ కాగితం చూపించి గొడవ పెట్టుకోలేదు. డాక్టరు దగ్గరకు తీసుకెళ్ళింది. రెండో వారంలోనే మళ్ళీ ఆగారు. తప్పిపోయిన రెండు వారాలు అయిదు నెలల ఫలితాన్ని తుడిచేయవు. కానీ ఆ రెండు వారాలు దాచిపెడితే ఆరు నెలలవుతాయి. తప్పినవాడిని ఎంత త్వరగా వెనక్కి తెచ్చామన్నదే లెక్క.

సిర్రోసిస్ వచ్చాక మానితే?

"ఇప్పుడు మాని ఏం లాభం" అన్న మాట మేము చాలా వింటాం. లాభం ఉంది. పొట్టలో నీరు, కామెర్లు వచ్చినవారిలో కూడా కొందరు పూర్తిగా మానిన మూడు నుంచి ఆరు నెలల్లో తేరుకుంటారు. నీరు తగ్గి, నీటి మాత్రలు తగ్గించే స్థితికి వస్తారు. కొందరికి కాలేయ మార్పిడి అవసరమే తప్పిపోతుంది. అందుకే చాలా కేంద్రాల్లో మార్పిడికి ముందు కొన్ని నెలలు మానమంటారు. ఆరు నెలలన్నది ఇప్పుడు అన్నిచోట్లా కచ్చితమైన నియమం కాదు. ఎవరికి ఎప్పుడన్నది వైద్యబృందం నిర్ణయిస్తుంది. ఆయుష్షులో తేడా మాత్రం ఏడాది రెండేళ్ళకు స్పష్టంగా తెలుస్తుంది. కాబట్టి రెండు నెలలకు ఫలితం కనిపించలేదని వదలకూడదు.

మానినా పోనిది ఒకటుంది. సిర్రోసిస్ ఉన్న కాలేయంలో క్యాన్సర్ వచ్చే అవకాశం ఉంటూనే ఉంటుంది. ఒంట్లో ఎంత బాగున్నా ఆరు నెలలకోసారి అల్ట్రాసౌండ్ తీయించుకోవాలి. అన్నవాహికలో ఉబ్బిన నరాలు ఉన్నాయేమో చూడటానికి ఎండోస్కోపీ చేస్తారు. అవి పగిలితేనే రక్తపు వాంతి వస్తుంది. పగలకుండా ముందే ప్రొప్రనొలాల్, కార్వెడిలాల్ వంటి మాత్రలు ఇస్తారు.

ఇంట్లో ఎక్కువగా జరిగే తప్పులు తిండి దగ్గర. "లివర్ జబ్బు, పప్పు, గుడ్డు పెట్టకూడదు" అని పత్యం పేరుతో గంజి మాత్రం పోస్తారు. కాలేయం చెడినవాడి కండ కరిగిపోతుంటుంది. పప్పు, పెరుగు, గుడ్డు, చేప కావాలి. 60 కిలోల మనిషికి రోజుకు 70 నుంచి 90 గ్రాముల మాంసకృత్తులు అందాలంటారు. రాత్రి పడుకునేముందు ఒక గ్లాసు పాలో, రెండు ఇడ్లీలో తింటే రాత్రంతా కండ కరగకుండా ఉంటుంది. పొట్టలో నీరు ఉన్నవారు తగ్గించవలసింది ఉప్పు. రోజంతటికీ ఒక టీస్పూను మించకూడదు. ఆవకాయ, అప్పడం, ఎండుచేప మన ఇళ్ళలో ఉప్పుకు దొంగదారులు.

నొప్పి మాత్రల్లో ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ వాడకూడదు. కిడ్నీ దెబ్బతింటుంది, రక్తం పోవచ్చు. పారాసిటమాల్ డాక్టరు చెప్పిన మేరకే, సాధారణంగా రోజుకు రెండు గ్రాములు దాటకుండా. నిద్రమాత్రలు సొంతంగా వద్దు. పసరు మందుల సంగతి: వైరస్ కామెర్లు చాలావరకు వాటంతట అవే తగ్గుతాయి, ఆ పేరు పసరుకు వస్తుంది. తాగుడు కామెర్లు అలా తగ్గవు. పసరు కోసం తిరిగిన రెండు వారాలు ప్రాణానికి ముప్పు తేవచ్చు. కరోనా కాలంలో తిప్పతీగ వాడినవారిలో కాలేయం దెబ్బతిన్నట్టు ముంబై వైద్యులు నివేదించారు. చెట్టుమందు కదా, చెడు చేయదులే అన్న ధీమా ఉండకూడదు.

రోగికి మలబద్ధకం లేకపోయినా లాక్టులోజ్ సిరప్ వ్రాస్తారు. రోజుకు రెండు మూడుసార్లు మెత్తగా విరేచనం కావాలనే దాన్ని ఇస్తారు. పేగుల్లోని విషం మెదడుకు ఎక్కకుండా అది కాపాడుతుంది. "విరోచనాలవుతున్నాయి" అని దాన్ని ఆపేస్తే రెండు మూడు రోజుల్లో మనిషి మాట తడబడుతుంది. గుమాస్తా ఉద్యోగం చేసిన వాళ్ళం కాబట్టి ఒక గుర్తు చెబుతాం: రోజూ ఒక కాగితం మీద సంతకం పెట్టించి తేదీ వేయండి. సంతకం వంకరపోవడం మొదలైతే, పగలు నిద్ర, రాత్రి మెలకువ అయితే, డాక్టరుకు వెంటనే చెప్పండి.

మానిన తర్వాత నిలబడటానికి

తాగాలనే కోరికను తగ్గించే మందులున్నాయి. వీటిని మానసిక వైద్యులు ఇస్తారు. బాక్లోఫెన్‌ను సిర్రోసిస్ ఉన్నవారిలోనూ పరీక్షించి చూశారు, ఉపయోగపడింది. మాట తడబడే దశలో ఉన్నవారికి మత్తు పెంచవచ్చు కాబట్టి జాగ్రత్త కావాలి. అకాంప్రోసేట్ కిడ్నీ ద్వారా పోతుంది, కాలేయానికి భారం కాదు. కిడ్నీ పరీక్ష చూసి ఇస్తారు. నాల్ట్రెక్సోన్ కాలేయం బాగా చెడినవారికి అంత సరిపడదు.

డైసల్ఫిరామ్ గురించి వేరుగా చెప్పాలి. ఇది వేసుకుని తాగితే ముఖం ఎర్రబడి, గుండె కొట్టుకుని, వాంతులై, రక్తపోటు పడిపోతుంది. ఆ భయంతోనే మనిషి మానాలన్నది దీని పద్ధతి. కొందరు దీన్ని సాంబారులోనో, టీలోనో రహస్యంగా కలిపి పెడుతుంటారు. భార్యలు, తల్లులు ఏ దిక్కూ లేక చేసే పని అది, వారిని నిందించలేం. కానీ తెలియకుండా మాత్ర తిని క్వార్టర్ తాగినవాడు రోడ్డుమీదే కుప్పకూలవచ్చు. పైగా ఈ మాత్రే కాలేయాన్ని దెబ్బతీయవచ్చు. లివర్ జబ్బు ఉన్నవారికి ఇది వద్దంటారు. దయచేసి చేయవద్దు.

మందులతో పాటు మాట కావాలి. ఇక్కడ మన సమస్య భాష. బయట మరాఠీనో, తమిళమో గడగడా మాట్లాడే మనిషి, "నాకెందుకు తాగాలనిపిస్తుంది" అన్న ప్రశ్నకు జవాబు తెలుగులోనే చెప్పగలడు. కేంద్ర ప్రభుత్వం 2022లో ప్రారంభించిన టెలి మానస్‌కు 14416 నంబరు చేస్తే ఏ రాష్ట్రం నుంచైనా తెలుగులో మాట్లాడమని అడగవచ్చు. రాత్రి పగలు పనిచేస్తుంది. మత్తు అలవాటు మాన్పించడానికి ప్రత్యేకంగా 14446 ఉంది. బెంగళూరు, హోసూరు, కోలారు వైపువారికి నిమ్హాన్స్‌లో వ్యసన చికిత్స కేంద్రం ఉంది. మహారాష్ట్రలో పూణే ముక్తాంగణ్, చెన్నైలో టీటీకే ఆసుపత్రి ఈ పనిలో దశాబ్దాల అనుభవం ఉన్నవి. బరంపురంవారికి ఎంకేసీజీ వైద్య కళాశాల ఆసుపత్రి, యానాంవారికి కాకినాడ ప్రభుత్వాసుపత్రి దగ్గర. ఎక్కడికి వెళ్ళినా మానసిక వైద్య విభాగానికి, కాలేయ వైద్యుడికి రెండిటికీ చూపించండి. ఒకరి కాగితాలు మరొకరికి అందేలా చూడండి.

ఆల్కహాలిక్స్ అనానిమస్ సమావేశాలకు రుసుము లేదు, ఇంటిపేరు చెప్పనక్కరలేదు. 1935లో అమెరికాలోని ఆక్రన్‌లో ఇద్దరు తాగుబోతులు ఒకరికొకరు తోడై మొదలుపెట్టిన పద్ధతి ఇది. మానినవాడు మానాలనుకునేవాడితో మాట్లాడటమే దీని సారం. కుటుంబ సభ్యులకు అల్-అనాన్ అనే వేరే సమావేశాలున్నాయి. తెలుగు సమావేశం దగ్గరలో లేకపోతే, సంఘం గదిలో వారానికోసారి ముగ్గురు నలుగురు కూర్చోవడానికి మేము తలుపు తీసి ఉంచగలం. అక్కడ చెప్పిన మాట బయటకు పోకూడదన్నది ఒక్కటే షరతు.

చుట్టాలు చేయగలిగింది ఒకటుంది. మానినవారికి మొదటి ఏడాదిలో గండాలు పెళ్ళి, చావు, పండగ, జీతం రోజు. యానాంవారికి అడుగడుగునా దుకాణమే. పదకొండో రోజు కర్మకు కూర్చున్నచోట "ఒక్కటి తీసుకో బావా, ఏం కాదు" అనే మాట రాకుండా ఆ ఇంటి పెద్ద ముందే చెప్పి ఉంచవచ్చు. అన్నదమ్ముల్లో ఒకరు ఆ రాత్రి అతని పక్కన ఉండవచ్చు.

ఇంట్లో ఉంచవలసిన ఫైలు

ఒక ఫైలులో తేదీవారీగా పెట్టండి: మానిన తేదీ, ప్రతి పరీక్షలో ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీ, జీజీటీ, బిలిరుబిన్, అల్బుమిన్, ఐఎన్‌ఆర్, ప్లేట్‌లెట్లు, ఫైబ్రోస్కాన్ అంకె, బరువు. ఊరు మారినా, డాక్టరు మారినా ఆ ఒక్క పేజీ చూస్తే కథంతా తెలుస్తుంది. బరువు రెండు మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే అది కండ కాదు, నీరు.

రక్తపు వాంతి, తారులాంటి నల్లటి విరేచనం, మాట తడబాటు, మత్తుగా పడి ఉండటం, పొట్టలో నీరు ఉండగా జ్వరం లేదా కడుపునొప్పి, ఫిట్స్, కొత్తగా కామెర్లు – వీటిలో ఏ ఒక్కటి కనిపించినా తెల్లారేదాకా ఆగవద్దు. 108కి ఫోన్ చేసి, ఆ ఫైలు చేతపట్టుకుని బయలుదేరండి. రిపోర్టు అర్థం కాకపోతే పని దినాల్లో సాయంత్రం మా కార్యాలయానికి తీసుకురండి. కూర్చుని తెలుగులో చదివి చెబుతాం. డాక్టరును అడగవలసిన ప్రశ్నలు కాగితం మీద వ్రాసిస్తాం.